దుప్పటి ఎక్కడ తగ్గింది?

తిరుపతిలో రైల్వే స్టేషన్ చుట్టుపక్కలో, అలిపిరి దారిలోనో ఉన్న హోటళ్లలో గది ఖాళీ అయ్యాక ముందుగా తీసేది దిండు గలీబు. చాలా గలీబుల మీద ఒకే రకం గుర్తు కనిపిస్తుంది. కొండ మీద తలనీలాలు సమర్పించి, గుండుకు గంధం రాసుకుని, దర్శనం చేసుకుని కిందికి దిగిన మనిషి అలసటతో అలాగే వాలిపోతాడు. తల ఆనిన మేర పసుపుపచ్చని మచ్చ, దాని అంచున నూనె జిడ్డు, కత్తి గీసుకున్న చోట ఎండిన రక్తపు చుక్క. ఆ గలీబు మళ్లీ తెల్లగా మారి ఇంకొకరి తల కిందికి చేరాలి. వచ్చేవారి గుండుకూ గంధమే ఉంటుంది.

దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు, కాళ్లు తుడుచుకునే మ్యాట్లు అన్నీ కలిపి హోటల్ భాషలో లినెన్. దీన్ని చూసే మనిషి ఎప్పుడూ బస చేసేవారి కంటికి కనపడడు. వెనకవైపు ఒక గది, నిండా అరలు, ఒక రిజిస్టరు, అంతే అతని ప్రపంచం. ఏడాది చివర యజమాని అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: ఇన్ని కొన్నాం కదా, ఏమయ్యాయి? దానికి సాధారణంగా దొరికే జవాబు, కస్టమర్లు పట్టుకుపోతున్నారని. ఈ జవాబులో కొంత నిజం లేకపోలేదు. కానీ లెక్క విప్పి చూస్తే ఎక్కువ భాగం హోటల్ గోడల మధ్యే, లాండ్రీ దారిలోనే పోతుంది.

లెక్క సులువుగా ఉండటానికి 60 గదుల హోటల్ ఒకటి అనుకుందాం. గదికో డబుల్ బెడ్. మంచానికి పరిచే దుప్పటి ఒకటి, కప్పుకునేది ఒకటి, గలీబులు రెండు, స్నానపు తువ్వాళ్లు రెండు, మ్యాటు ఒకటి. గదులన్నింటినీ ఒక్కసారి సర్దడానికి 120 దుప్పట్లు, 120 గలీబులు, 120 తువ్వాళ్లు, 60 మ్యాట్లు కావాలి. ఈ మొత్తాన్ని ఒక పార్ అంటారు. హోటల్ దగ్గర ఎప్పుడూ ఉండాల్సిన సరుకు, అంటే పార్ స్టాక్, ఎన్ని పార్లు అన్నదే మొదటి నిర్ణయం.

ఒక పార్ మంచాల మీద ఉంటుంది. ఒక పార్ ఉతుకులో ఉంటుంది. ఒక పార్ అరలో సిద్ధంగా ఉండాలి. వేడి ఇస్త్రీ నుంచి వచ్చిన నూలు దుప్పటి ఒక రోజు అరలో ఉంటే గాలిలోని తేమను తిరిగి పీల్చుకుని మెత్తబడుతుంది, నలగడం తగ్గుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. వెంటనే మంచమెక్కిస్తే ఆ లాభం పోతుంది. సొంత లాండ్రీ ఉన్నవాళ్లు ఈ మూడింటితో నెట్టుకురావచ్చు. బయటి లాండ్రీకి వేసేవాళ్లకు నాలుగోది తప్పదు. ఈ సాయంత్రం వ్యాన్ ఎక్కిన మూట రేపు సాయంత్రానికి గానీ తిరిగి రాదు. వ్యాన్ ఒక్క పూట రాకపోతే మూడు పార్ల హోటల్ నిలబడిపోతుంది. కాబట్టి మన 60 గదుల హోటల్‌కు దుప్పట్లు 480, తువ్వాళ్లు 480 ఉండాలి. గంధం మరకల ఊళ్లో గలీబులు మాత్రం ఐదు పార్లు పెట్టుకోవడం మంచిది. మరక పోవడానికి రెండోసారి ఉతుక్కు వెళ్లేవి అవే.

480 అనగానే యజమాని గుండె గుభేలుమంటుంది. రెండు పార్లు చాలవా అంటాడు. ఇక్కడ చిన్న లెక్క వేసి చూపించాలి. నాణ్యమైన దుప్పటి సుమారు 180 ఉతుకులకు నిలుస్తుందనుకుందాం. గదులు నూటికి ఎనభై నిండుతూ, రోజూ దుప్పటి మారుస్తుంటే, నాలుగు పార్ల హోటల్‌లో ఒక్కో దుప్పటి అయిదు రోజులకోసారి ఉతుక్కు వెళ్తుంది. అంటే 900 రోజులు, దాదాపు రెండున్నరేళ్లు. రెండు పార్లే ఉంటే రెండున్నర రోజులకోసారి వెళ్తుంది. 450 రోజులకు చిరుగుతుంది. అప్పుడు మళ్లీ 240 కొనాలి. రెండున్నరేళ్లలో కొన్నవి రెండు చోట్లా 480 దుప్పట్లే. రెండు పార్ల యజమాని ఆదా చేసిందేమీ లేదు, మిగిలిన డబ్బును కొన్నాళ్లు చేతిలో ఉంచుకున్నాడు, అంతే. దానికి బదులుగా తడి ఆరని దుప్పటి మంచమెక్కింది, వ్యాన్ ఆలస్యమైన రోజు గది అద్దెకు ఇవ్వలేకపోయాడు.

నాలుగు పార్లు కొన్నా ఒక తప్పు వల్ల అవి రెండు పార్లుగా మారిపోతుంటాయి. లాండ్రీ నుంచి వచ్చిన దొంతర్లను అరలో పైన పెట్టి, పైనుంచే తీసుకోవడం. అప్పుడు పైనున్న సగమే తిరుగుతూ అరిగిపోతుంది, అడుగున ఉన్న సగం మడతల దగ్గర పసుపు తిరుగుతుంది. వచ్చినవి అడుగున పెట్టాలి, పైనుంచి తీయాలి. లినెన్ గది బాగా నడుస్తోందో లేదో తెలుసుకోవాలంటే నేనైతే ముందు అడుగు దొంతరను బయటికి లాగి చూస్తాను.

ఇక ఆ గలీబు సంగతికి వద్దాం. దాని మీద ఉన్న మూడు మరకలకూ మూడు స్వభావాలు. రక్తం మాంసకృత్తు, వేడి నీళ్లు తగిలితే గడ్డకట్టి నూలులో పాతుకుపోతుంది. దానికి చన్నీళ్లే మందు. నూనె చన్నీళ్లకు కదలదు, దానికి వేడీ డిటర్జెంటూ కావాలి. గంధంలో పసుపు గానీ రంగు గానీ కలిసి ఉంటే దానిది ఇంకో తీరు. పసుపులోని కర్కుమిన్ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సున్నం కలిపితే పసుపు ఎర్రగా మారడం మన ఇళ్లలో అందరూ చూసిందే. సబ్బులోనూ ఉన్నది ఆ క్షారగుణమే. కొత్తగా చేరిన రూమ్‌బాయ్ సాయం చేద్దామని మచ్చ మీద బట్టల సబ్బు రుద్దుతాడు, అది ఎర్రగా తిరుగుతుంది, రక్తం అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతాడు. రంగు లోపలికి దిగుతుంది, నూలు పైపొర లేచిపోతుంది.

కాబట్టి వరుస ముఖ్యం. మొదట ఎండిన గంధం పొడిని దులపాలి. గలీబును తిరగేసి, మరక వెనకవైపు నుంచి చన్నీళ్లు పారించాలి. ముందు వైపు నుంచి పోస్తే మరక లోపలికి పోతుంది. రక్తం వదిలేదాకా చన్నీళ్లే. మొండికేస్తే ఎంజైము ఉన్న డిటర్జెంటులో నానబెట్టాలి. తెల్ల నూలు కాబట్టి కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాడవచ్చు. రక్తం పోయిందని కంటితో చూశాకే వేడి. దాదాపు 60 డిగ్రీల నీళ్లలో డిటర్జెంటుతో ఉతికితే నూనె వదులుతుంది. పసుపు ఇంకా మిగిలితే బ్లీచ్ వంతు చివర వస్తుంది. పోనిదాన్ని ఎండలో వేయాలి. పసుపు రంగు ఎండకు తాళలేదు. రాయలసీమ ఎండ ఉండగా దాన్ని వాడుకోకపోవడం నష్టమే. ఉతికిన తర్వాత మచ్చ ఎర్రగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, క్షారం పూర్తిగా జాడించలేదని దానర్థం. ఇంకోసారి జాడిస్తే పసుపులోకి తిరుగుతుంది, ఆపైన బ్లీచ్‌కో ఎండకో లొంగుతుంది.

కుంకుమ అలా లొంగదు. పసుపుతో చేసిన కుంకుమ అయితే పై పద్ధతే పనిచేస్తుంది గానీ బజారు కుంకుమల్లో చాలావాటిలో కృత్రిమ రంగులుంటాయి. వాటిని తడపకుండానే ముందు దులిపేయాలి. తడిస్తే గలీబంతా గులాబీ రంగు పాకుతుంది. తుప్పు మరకకు బ్లీచ్ అసలు పనికిరాదు, దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. బ్లీచ్‌నూ ఏ ఆమ్లాన్నీ, చివరికి వెనిగర్‌ను కూడా, ఒకే బకెట్లో కలపకూడదు. విషవాయువు క్లోరిన్ పుడుతుంది. మరకలు తీసే గదికి కిటికీ ఉండాలి, చేతులకు గ్లవుజులుండాలి.

మరక పోకముందే ఇస్త్రీ చేస్తే ఇక ఆశ వదులుకోవాల్సిందే. అందుకే మంచి లాండ్రీల్లో ఇస్త్రీకి ముందు ఒక మనిషి వెలుతురులో ప్రతి గుడ్డనూ విప్పి చూస్తాడు. ఆ మనిషిని తీసేసి కూలి మిగిల్చుకున్న లాండ్రీ మరకలను వేడితో ముద్రవేసి తిరిగి పంపుతుంది.

అన్ని మరకలకూ బ్లీచ్ ఎక్కువ పోస్తే సరిపోతుందనుకునే లాండ్రీలు ఉన్నాయి. హోటల్ నష్టాల్లో దొంగతనం కిందికి రాని పెద్ద పద్దు ఇదే. క్లోరిన్ బ్లీచ్ మోతాదు మించినా, బాగా వేడి నీళ్లలో వేసినా నూలు పోగు బలం పోతుంది. గుడ్డ కంటికి మల్లెపువ్వులా కనిపిస్తుంది. రెండు చేతులతో పట్టుకుని మధ్యలో బొటనవేలితో నొక్కితే కాగితంలా చిరుగుతుంది. 180 ఉతుకులు రావలసిన దుప్పటి 90కే పోతే సగం సరుకు మాయమైనట్టే. కానీ దాన్ని ఎవరూ దొంగతనం అనరు. ఇస్త్రీ తర్వాత దుప్పటి పసుపు తిరిగితే జాడింపు చాలలేదని, సబ్బో బ్లీచో గుడ్డలో మిగిలిపోయిందని తెలుసుకోవాలి. నెలనెలా బూడిద రంగు ఎక్కుతుంటే నీళ్లను అనుమానించాలి. బోరు నీళ్లు గట్టిగా ఉన్నచోట సబ్బు నీళ్లలోని కాల్షియంతో కలిసి గుడ్డకే అంటుకుంటుంది. అక్కడ సబ్బు పెంచితే బూడిద రంగే పెరుగుతుంది, నీళ్లను మెత్తబరిచే యంత్రం పెట్టుకోవాలి.

ఇవన్నీ చేయడానికి సమయం కావాలి. ఆ సమయం తిరుపతిలో తేలిగ్గా దొరకదు. ఇతర ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండుకు గదులు ఖాళీ అయితే మాసిన గుడ్డలన్నీ ఒకేసారి వస్తాయి, ఒక దఫాలో పని తెమిలిపోతుంది. ఇక్కడ చాలాచోట్ల 24 గంటల చెక్ అవుట్. దర్శనం వేళను బట్టి జనం అర్ధరాత్రి దిగుతారు, తెల్లవారుజామున మూడింటికి వెళ్తారు. మాసిన గుడ్డలు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. లాండ్రీ వ్యాన్ మాత్రం సాయంత్రం ఏడింటికే వస్తుంది. తెల్లవారుజామున మూడింటికి తీసిన గలీబు పదహారు గంటలు మూటలో ఉంటుంది, మర్నాడు ఉతుక్కు వెళ్తుంది. అప్పటికి రక్తం నల్లబడి ఉంటుంది.

దీనికి ఖరీదైన పరిష్కారమేమీ అక్కర్లేదు. వేరుచేయడం లాండ్రీలో కాకుండా గదిలోనే మొదలవ్వాలి. మరక ఉన్న గలీబును, దుప్పటిని రూమ్‌బాయ్ కొసన ముడివేసి వేరే సంచిలో వేయాలి. ఆ సంచి వ్యాన్ కోసం ఆగకూడదు. ఆ అంతస్తు పని అయిన వెంటనే లినెన్ గది పక్కనున్న తొట్టిలో చన్నీళ్లలో పడాలి. తడి తువ్వాళ్లను పొడి దుప్పట్లతో కలిపి మూటకట్టకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతిలో వానలు పడే రోజుల్లో తడి మూట ఒక్క రాత్రి ఉంటే చాలు, నల్ల చుక్కల బూజు మొదలవుతుంది. ఆ చుక్కలు దాదాపు ఎప్పటికీ పోవు.

ఎంత బరువు పని అన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. దుప్పటి ముప్పావు కిలో, తువ్వాలు అర కిలో పైచిలుకు తూగుతాయి. గలీబులూ మ్యాటూ కలిపితే గదికి మూడు కిలోల పైన. 48 గదులు నిండిన రోజు 150 కిలోలు. సొంతంగా 30 కిలోల యంత్రం పెట్టుకున్న హోటల్ దానిలో 25 కిలోలే వేయాలి. కుక్కితే గుడ్డ తిరగదు, మురికి వదలదు. అంటే రోజుకు ఆరు దఫాలు. ముందు దుప్పట్లన్నీ, తర్వాత తువ్వాళ్లన్నీ వేసే పద్ధతి మంచిది కాదు. దుప్పటి పిండిన తేమతోనే నేరుగా ఇస్త్రీ రోలరు మీదికి వెళ్తుంది, తువ్వాలుకు డ్రైయర్ కావాలి. ఒక దఫా తువ్వాళ్లు, ఒక దఫా దుప్పట్లు వేస్తూ పోతే రోలరూ డ్రైయరూ రెండూ ఖాళీగా ఉండవు, పొద్దున మొదలెట్టిన పని సాయంత్రానికి ముగుస్తుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవుల్లో ఊళ్లోని హోటళ్లన్నీ ఒక్కసారే నిండుతాయి. అందరి మూటలూ అవే లాండ్రీలకు వెళ్తాయి. 24 గంటల్లో రావాల్సినవి 48 గంటలు తీసుకుంటే నాలుగో పార్ కూడా చాలదు. ఆ పది రోజుల కోసం లాండ్రీతో రెండు నెలల ముందే మాట్లాడి రోజుకు రెండు వ్యాన్లు రాయించుకున్నవాళ్లకే ఇబ్బంది ఉండదు.

ఇక పోయినవాటి సంగతి. నష్టం ఎక్కడ పుడుతుందో చూడాలంటే సాయంత్రం వ్యాన్ దగ్గర నిలబడాలి. మూటలు ఎక్కిస్తుంటారు. డ్రైవరు చలానా పుస్తకం తీస్తాడు.

“తువ్వాళ్లు ఎన్ని అన్నా?”

“నలభై ఉంటాయిలే, రాసుకో.”

ఆ “ఉంటాయిలే” దగ్గరే హోటల్ ఓడిపోతుంది. మూటలో ఉన్నవి 43. మర్నాడు లాండ్రీ 40 తెచ్చి అప్పగిస్తుంది. కాగితం ప్రకారం ఎవరూ తప్పు చేయలేదు. మూడు తువ్వాళ్లు మాత్రం ఈ లోకంలో ఎవరి లెక్కలోనూ లేవు. ఇంకో రోజు తక్కువొస్తే లాండ్రీ వేరే హోటల్ తువ్వాళ్లతో భర్తీ చేస్తుంది. సంఖ్య సరిపోతుంది, పాతదీ పల్చనిదీ మన అరలోకి చేరుతుంది. కాబట్టి ఇద్దరి ఎదుటా లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి. రావాల్సిన బాకీని చలానా మీదే రోజురోజుకూ ముందుకు తేవాలి. హోటల్ లోపల ఒకటికొకటి పద్ధతి ఉండాలి. రూమ్‌బాయ్ పది మాసినవి ఇస్తేనే పది ఉతికినవి తీసుకోవాలి. తొమ్మిది తెస్తే పదోది ఏ గదిలో ఉందో ఆ క్షణమే తేలాలి. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

మూణ్నెల్లకోసారి మొత్తం లెక్కించాలి. దానికి పద్ధతి ఉంది. ఒకే రాత్రి, కొత్తగా ఏదీ ఇవ్వకుండా, తీసుకోకుండా ఆపేసి లెక్కపెట్టాలి. గదుల్లో ఉన్నవి, అంతస్తు అరల్లో ఉన్నవి, లినెన్ గదిలోవి, మాసిన కుప్ప, లాండ్రీ దగ్గరున్నవి, కుట్టుపనికి వెళ్లినవి అన్నీ కలపాలి. మొదటి అంతస్తు ఇవాళ, రెండోది రేపు అంటే ఒకే తువ్వాలు రెండు చోట్లా లెక్కకు వస్తుంది.

మన హోటల్‌కే ఒక మాదిరి లెక్క కడదాం. మూణ్నెల్ల కింద తువ్వాళ్లు 480. మధ్యలో కొత్తవి 60 వచ్చాయి. చిరిగి పక్కన పడేసినవిగా రిజిస్టరులో రాసినవి 38. అంటే 502 ఉండాలి. లెక్కిస్తే 471. తగ్గినవి 31. ఇక్కడితో ఆపి కస్టమర్ల మీద రాసేయడం తేలిక. కానీ కాగితాలు తీద్దాం. లాండ్రీ చలానాల్లో తిరిగిరాని బాకీ 9. అంతస్తుల్లోని చీపురు అల్మరాలు తెరిస్తే నేల తుడుస్తున్న తువ్వాలు ముక్కలు, అంచులు కలిపి చూస్తే 7 తువ్వాళ్లవి. ఎవరూ వాటిని తీసేసినవిగా రాయలేదు. సెక్యూరిటీ గదిలో, డ్రైవర్ల స్నానాల గదిలో 4. ఇరవై తేలాయి. మిగిలిన 11 మాత్రమే పెట్టెల్లో వెళ్లి ఉండవచ్చు. అవి కూడా ఖాయంగా చెప్పలేం. అసలు లెక్క ఇలా తేలాక చేయాల్సిన పనులు మారిపోతాయి. చెక్ అవుట్ దగ్గర కుటుంబాల బ్యాగులు తెరిపించే అవమానకరమైన పని కంటే, ప్రతి అంతస్తుకూ రంగు వేరైన పాత గుడ్డలు తుడవడానికి ఇవ్వడం ఎక్కువ తువ్వాళ్లను కాపాడుతుంది. తువ్వాలు చేతికందేచోట ఉండి, తుడిచే గుడ్డ లేకపోతే ఏ మనిషైనా తువ్వాలే వాడతాడు.

గుర్తు పెట్టడం కూడా అవసరం. పెద్ద హోటళ్లు, పెద్ద లాండ్రీలు అంచు కుట్టులో ఆర్ఎఫ్ఐడీ బిళ్ల పెడుతున్నాయి. మూట విప్పకుండానే యంత్రం లోపలున్నవి లెక్కపెట్టేస్తుంది, ఒక్కో దుప్పటి ఎన్నిసార్లు ఉతికారో కూడా చెబుతుంది. 60 గదులకు అంత ఖర్చు నేను సిఫారసు చేయను. షోలాపూర్ నుంచి తువ్వాళ్లు వచ్చినా, ఈరోడ్, కరూర్ల నుంచి దుప్పట్లు వచ్చినా, వాడకానికి ముందు ఒకసారి ఉతికించి, కుంచించుకుపోయాక కొలత చూసి, అంచున ఏడాదికో రంగు దారం కుట్టించాలి. ఈ ఏడాది నీలం, వచ్చే ఏడాది ఆకుపచ్చ. చిరిగిన దుప్పటి చేతికొచ్చినప్పుడు దారం చూస్తే దాని వయసు తెలుస్తుంది. నీలం దారాలవి ఏడాదిలోపే కుప్పలుగా చిరుగుతుంటే కొన్న సరుకైనా నాసిరకం, లాండ్రీ బ్లీచ్ అయినా ఎక్కువ. దొంగని అప్పుడు సరైన చోట వెతుకుతాం.

చిరిగినవాటికీ లెక్క ఉండాలి. తీసేసే ముందు సూపర్‌వైజరు చూసి, రిజిస్టరులో రాసి, రంగు ముద్ర కొట్టాలి. అంచులు బాగున్న దుప్పటి నుంచి గలీబులు కుట్టించవచ్చు, తువ్వాళ్లు తుడిచే గుడ్డలవుతాయి. ముద్ర లేని ముక్క ఎక్కడ కనిపించినా అది అడగాల్సిన ప్రశ్నే.

హోటల్లో బస చేసే పాఠకులకు ఒక మనవి. రక్తమో గంధమో కుంకుమో దుప్పటికి అంటితే సబ్బు పెట్టి రుద్దకండి, మడతలో దాచి వెళ్లకండి. గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని పైకి కనపడేలా ఉంచి రూమ్‌బాయ్‌తో ఒక్క మాట చెప్పండి. తడి తువ్వాలు మంచం మీద కాకుండా బాత్రూమ్ కొక్కేనికి వేయండి.